పీహెచ్‌క్యూ-9తో డిప్రెషన్‌ను గుర్తించడం: ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బంది తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్ జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా పనిచేస్తున్నాను. మా ఓపీలో పీహెచ్‌క్యూ-9 ఫారం వాడటం మొదలైనప్పటి నుంచి స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, పల్లె దవాఖానాల వైద్యులు నెలనెలా అవే సందేహాలు అడుగుతున్నారు. వారు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, పని జరిగే వరుసలో జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఉదాహరణగా చెప్పిన రోగుల వివరాలను ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను.

## మొదలుపెట్టే ముందు

అసలు ఈ ఫారంలో ఏముంది? వాడుకోవడానికి ఎవరి అనుమతైనా కావాలా?

తొమ్మిది ప్రశ్నలు ఉంటాయి. పనుల మీద ఆసక్తి పోవడం, మనసు దిగులుగా ఉండటం, నిద్ర, అలసట, ఆకలి, తన మీద తనకే చిన్నచూపు, ఏకాగ్రత, నెమ్మదించిపోవడం లేదా స్థిమితం లేకపోవడం, చావు గురించిన ఆలోచనలు. డిప్రెషన్‌ను నిర్ధారించడానికి మానసిక వైద్యులు చూసే తొమ్మిది లక్షణాలూ ఇవే. గడిచిన రెండు వారాల్లో ఒక్కో లక్షణం ఎన్ని రోజులు బాధించిందన్నదానికి 0 నుంచి 3 వరకు అంకె వేస్తాం. మొత్తం 0 నుంచి 27 వరకు రావచ్చు. అమెరికాలో క్రోన్కే, స్పిట్జర్, విలియమ్స్ అనే ముగ్గురు దీన్ని రూపొందించి 2001లో ప్రచురించారు. వాడుకోవడానికి రుసుము లేదు, అనుమతీ అక్కర్లేదు. తెలుగు అనువాదం ఉంది. సొంతంగా అనువదించుకోకుండా అదే వాడండి.

మా ఆశా కార్యకర్త ఫారంలో రెండు ప్రశ్నలే ఉన్నాయి. అది చాలదా?

ఇంటింటి సర్వేలో నింపే సీబ్యాక్ ఫారం చివర్లో ఉన్నవి పీహెచ్‌క్యూ-2 ప్రశ్నలు. అంటే తొమ్మిదింటిలో మొదటి రెండు, ఆసక్తి పోవడం, దిగులు. మొత్తం 0 నుంచి 6 వస్తుంది. జల్లెడ పట్టడానికి అది చాలు, చికిత్స నిర్ణయించడానికి చాలదు. ఇక్కడ ఒక చిక్కుంది. ప్రశ్నలు రూపొందించినవారు 3 వస్తే చాలు, తొమ్మిదీ అడగమన్నారు. సీబ్యాక్ ఫారంలో మాత్రం 3 దాటితే పంపమని ఉంటుంది. సరిగ్గా 3 వచ్చినవారు ఈ సందులో జారిపోతున్నారు. మా కేంద్రంలో 3 వచ్చినా పంపించమని చెప్పాను. ఒక మనిషికి అదనంగా అయిదు నిమిషాలు పడుతుంది, అంతే.

ఓపీకి వచ్చిన ప్రతి ఒక్కరికీ చేయాలా?

స్కోరు వచ్చాక ఏం చేయాలో, ఎవరు చేయాలో ముందే తేల్చుకున్న చోట అందరికీ చేయవచ్చు. రోజుకు వంద మంది వచ్చే ఓపీలో అది కుదరకపోతే కొందరిని మాత్రం వదలకండి: పరీక్షల్లో ఏమీ తేలకపోయినా ఒంటినొప్పులతో మళ్లీ మళ్లీ వచ్చేవారు, నిద్ర మాత్ర అడిగేవారు, మందులు ఇస్తున్నా షుగరు, బీపీ అదుపులోకి రానివారు, బాలింతలు, క్షయకు మందులు వాడుతున్నవారు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు, తాగుడు అలవాటున్నవారు, గతంలో ప్రాణం తీసుకోబోయినవారు, పంట పోయి అప్పుల్లో ఉన్నవారు.

మన దగ్గర ఎవరూ డిప్రెషన్ అనే మాటతో రారు. రంది అంటారు, మనాది అంటారు, బుగులు అంటారు. ఎక్కువ మంది గుండెల్లో దడ, నడుము నొప్పి, తల బరువు అనే చెబుతారు. ఓపీ చీటీ రాసేవారి చెవిన రంది, మనాది, బుగులు అన్న మాటల్లో ఏది పడినా ఫారం తీయాలి.

## అడిగేటప్పుడు

చదువు రానివారికి నేను చదివి వినిపించవచ్చా? అర్థం కాకపోతే మాట మార్చవచ్చా?

చదివి వినిపించవచ్చు. ముందు ఫారంలో ఉన్నది ఉన్నట్టే చదవండి. అర్థం కాకపోతే వారి రోజువారీ పనిలోంచి ఒక ఉదాహరణ ఇవ్వండి, ప్రశ్న ఉద్దేశం మాత్రం మారకూడదు. ఏకాగ్రత ప్రశ్నలో పత్రిక చదవడం, టీవీ చూడటం అని ఉంటుంది. పత్రిక చదవని మనిషిని కూరలో ఉప్పు వేశానా లేదా అన్నది మరచిపోతున్నారా, కిరాణా కొట్టులో చిల్లర లెక్క తప్పుతోందా అని అడగండి. ఆకలి ప్రశ్నకు ముందు ఒక్కపొద్దు ఉంటున్నారేమో కనుక్కోండి. కార్తీకంలోనో రంజాన్‌లోనో ఉపవాసం ఉండి తినకపోవడం లక్షణం కాదు.

"మీకు దిగులేమీ లేదు కదా" అని మాత్రం ఎప్పుడూ అడగవద్దు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఒకటే, "లేదు".

రెండు వారాలు, కొన్ని రోజులు, సగం కంటే ఎక్కువ రోజులు అంటే మా ఊళ్లో ఎవరికీ తెలియడం లేదు. ఎలా చెప్పాలి?

వారానికోసారి అంగడి జరిగే ఊళ్లలో నేను వాడే గుర్తు అదే. "మొన్నటి అంగడి, అంతకుముందు అంగడి, అప్పటి నుంచి ఇవాళ్టి వరకు" అంటే సుమారు రెండు వారాలు కళ్లకు కడతాయి. తరువాత అందులో ఎన్ని రోజులు అలా ఉందో అడగండి. ఒక రోజు లేదా అసలు లేదంటే 0. రెండు నుంచి ఆరు రోజులైతే 1. ఏడు నుంచి పదకొండు అయితే 2. పన్నెండు లేదా అంతకంటే ఎక్కువైతే 3.

ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. "కొంచెం ఉంది" అని రోగి అనగానే నర్సు 1 వేస్తుంది. ఆ "కొంచెం" బాధ ఎంత ఉందో చెబుతోంది కానీ ఎన్ని రోజులు ఉందో చెప్పడం లేదు. రోజూ కొంచెం దిగులుగా ఉంటే అది 3. "కొంచెం సరే, రోజూ ఉంటోందా, ఎప్పుడో ఒకసారా?" అని మరో మాట అడిగాకే అంకె వేయండి.

అత్తగారో భర్తో పక్కనే కూర్చుని వాళ్లే జవాబు చెబుతున్నారు. ఏం చేయాలి?

ఆ ఫారం చెల్లదనుకోండి. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో బాలింతకు బదులు అత్తగారు చెప్పిన జవాబులతో ఒక ఫారం నింపించాను. స్కోరు 3 వచ్చింది. వారం తరువాత టీకా రోజున ఏఎన్ఎం ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే 17 వచ్చింది. అప్పటి నుంచి మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. "బరువు, బీపీ చూడాలి, ఈవిడ ఒక్కరే లోపలికి రావాలి" అని చెప్పి తలుపు వేస్తాం. బీపీ చూసే బల్ల దగ్గర, క్యూలో నిలబడినవారి ముందు తొమ్మిదో ప్రశ్న అడిగితే ఎవరూ నిజం చెప్పరు. బంధువు చెప్పేది కూడా అవసరమే, కానీ అది రోగితో మాట్లాడిన తరువాత, వేరుగా.

చివర్లో ఉన్న పదో ప్రశ్నకు మార్కులు లేవు. వదిలేయవచ్చా?

వదలకండి. ఈ ఇబ్బందుల వల్ల పని చేసుకోవడం, ఇల్లు చూసుకోవడం, నలుగురితో మెలగడం ఎంత కష్టమైందని అది అడుగుతుంది. మొత్తంలో కలపం కానీ చికిత్స నిర్ణయంలో దానికి బరువుంది. 12 వచ్చి రోజూ కూలికి వెళ్తున్న మనిషికీ, 12 వచ్చి పదిహేను రోజులుగా చేను ముఖం చూడని మనిషికీ ఒకే సలహా సరిపోదు.

## లెక్క వేసేటప్పుడు

ఒకటి రెండు ప్రశ్నలకు జవాబు రాకపోతే మొత్తం ఎలా వేయాలి?

ఒకటి లేదా రెండు ఖాళీగా ఉంటే, జవాబిచ్చిన ప్రశ్నల సగటును ఖాళీల్లో వేయవచ్చు. ఉదాహరణకు ఎనిమిది ప్రశ్నలకు 12 వస్తే సగటు ఒకటిన్నర, అప్పుడు మొత్తం 13.5, అంటే 14 అనుకోవచ్చు. రెండు కంటే ఎక్కువ ఖాళీలుంటే మొత్తం వేయకండి, మరో రోజు మళ్లీ అడగండి. తొమ్మిదో ప్రశ్న ఖాళీగా ఉంటే మాత్రం సగటుతో పూరించకూడదు. రోగి ఆ ప్రశ్న దాటవేశారంటే అదే ఒక సమాచారం. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మళ్లీ అడగండి.

10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డిప్రెషన్ అని రాసేయవచ్చా?

రాయకూడదు. 10 అనేది లోతుగా మాట్లాడాల్సిన గీత. ఆ గీత దగ్గర ఈ ఫారం నిజంగా డిప్రెషన్ ఉన్న వందమందిలో సుమారు 88 మందిని పట్టుకుంటుంది, లేని వందమందిలో సుమారు 15 మందిని కూడా ఉన్నట్టు చూపిస్తుంది. మన ఓపీలో వందమందికి చేశామనుకుందాం, వారిలో పదిమందికి నిజంగా జబ్బు ఉందనుకుందాం. ఆ పదిలో తొమ్మిది మంది దొరుకుతారు. మిగతా తొంభైలో పదమూడు పద్నాలుగు మందికి కూడా 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తుంది. అంటే 10 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవారిలో సగానికి పైగా డిప్రెషన్ లేనివారే.

వారిని వేరు చేయడానికి మొత్తం పక్కన పెట్టి ఒక్కో గడిని చూడాలి. 29 ఏళ్ల ఒక మహిళకు 11 వచ్చింది. ఆసక్తికి 1, దిగులుకు 0, నిద్రకు 2, అలసటకు 3, ఆకలికి 2, చిన్నచూపుకు 0, ఏకాగ్రతకు 2, నెమ్మదించడానికి 1, చావు ఆలోచనకు 0. అంకెలన్నీ ఒంటి లక్షణాల వైపే ఉన్నాయి, మనసు గడులు దాదాపు ఖాళీ. కనురెప్ప లాగి చూస్తే పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 8.2. నెలసరిలో రక్తస్రావం ఎక్కువని అప్పుడు చెప్పింది. ఐరన్ మాత్రలిచ్చి, రక్తస్రావానికి చికిత్స చేయించాక రెండు నెలలకు స్కోరు 3. డిప్రెషన్ మాత్ర ఇచ్చి ఉంటే ఆమెకు ఒరిగేదేమీ లేదు.

గుర్తు పెట్టుకోవలసిన నియమం ఇది. మొదటి రెండు ప్రశ్నల్లో కనీసం ఒకదానికి 2 లేదా 3 ఉండాలి. మొత్తం మీద అయిదు లేదా అంతకన్నా ఎక్కువ గడుల్లో 2 లేదా 3 ఉండాలి. తొమ్మిదో ప్రశ్న ఒక్కటి 1 ఉన్నా లెక్కలోకి వస్తుంది. ఇలా ఉన్నప్పుడు మేజర్ డిప్రెషన్ ఉందని బలంగా అనుమానించాలి. ఆ తరువాత థైరాయిడ్, రక్తహీనత, ఇటీవల ఇంట్లో జరిగిన చావు, వాడుతున్న స్టెరాయిడ్ల వంటి మందులు చూసుకుని నిర్ధారించాలి.

కల్లు మానేసి వచ్చినవారికి స్కోరు చాలా ఎక్కువ వస్తోంది. అది డిప్రెషనేనా?

వెంటనే తేల్చలేం. మన ప్రాంతంలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఏళ్ల తరబడి అది తాగి ఒక్కసారిగా మానేసిన మనిషికి నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, స్థిమితం ఉండదు, అన్నం సహించదు. ఫారంలో సగం గడులు వాటంతట అవే నిండుతాయి. వణుకు, చెమటలు, పొంతన లేని మాటలు, లేనివి కనిపించడం, ఫిట్లు ఉంటే ఫారం పక్కన పెట్టి పెద్దాసుపత్రికి పంపాలి. అది ప్రాణాపాయం. ఆ దశ దాటాక, మానేసిన మూడు నాలుగు వారాలకు మళ్లీ స్కోరు వేయండి. అప్పటికీ 10 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే డిప్రెషన్‌కు విడిగా చికిత్స చేయాలి. తొమ్మిదో ప్రశ్నకు వచ్చిన జవాబు మాత్రం ఏ రోజు వచ్చినా ఆ రోజే చూడాలి, తాగి ఉన్నప్పుడు చెప్పినా సరే.

## స్కోరును బట్టి చేయాల్సినవి

0 నుంచి 4 వస్తే పంపించేయవచ్చా?

తొమ్మిదో గడి 0 అయితే డిప్రెషన్‌కు చికిత్స అక్కర్లేదు. వచ్చిన బాధకు చూసి పంపండి. కానీ ముఖం చూస్తే ఒకటి, అంకె చూస్తే ఇంకొకటి అనిపిస్తే మీ కళ్లనే నమ్మండి. రెండు వారాల్లో మళ్లీ రమ్మనండి.

5 నుంచి 9 వస్తే ఏ మాత్ర ఇవ్వాలి?

ఏ మాత్రా వద్దు. ఇది స్వల్ప శ్రేణి. ఏ ఇబ్బంది వల్ల ఇలా ఉందో పది నిమిషాలు వినండి, నిద్రవేళలు సరిచేయండి, మానేసిన పనుల్లో ఒకదాన్ని మళ్లీ మొదలుపెట్టించండి. గుడికి వెళ్లడమో, సాయంత్రం అరుగు మీద నలుగురితో కూర్చోవడమో, ఏదైనా సరే. రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ ఫారం నింపండి. చాలామందికి ఈలోగా తగ్గుతుంది. గతంలో డిప్రెషన్ వచ్చి తగ్గినవారిని మాత్రం తొందరగా పిలవండి.

ఈ శ్రేణిలో అల్ప్రాజోలం రాసే అలవాటును మానుకోవాలని మనసారా కోరుతున్నాను. నిద్ర వస్తుంది, రోగి సంతోషిస్తాడు, మూడు నెలలకు అది లేకుండా ఉండలేడు. డిప్రెషన్ మాత్రం అలాగే ఉంటుంది.

10 నుంచి 14 వస్తే మందు ఇవ్వాలా, మాటలతో సరిపోతుందా?

ఇది మధ్యస్థ శ్రేణి. ఇక్కడ అంకె ఒక్కటే దారి చూపదు. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక కౌలు రైతు సంగతి చెబుతాను. 44 ఏళ్లు, మూడెకరాల పత్తి. ఒంటినొప్పులు, నిద్ర లేదని వచ్చాడు. ఆసక్తికి 2, దిగులుకు 2, నిద్రకు 3, అలసటకు 2, ఆకలికి 1, ఇంటివాళ్లను ముంచానన్న భావనకు 2, ఏకాగ్రతకు 1, నెమ్మదించడానికి 0, చావు ఆలోచనకు 1. మొత్తం 14. పదో ప్రశ్నకు "చాలా కష్టంగా ఉంది" అన్నాడు.

మొత్తం ప్రకారం మధ్యస్థమే. గడులు లెక్కపెడితే వేరే సంగతి తెలుస్తుంది. అయిదు గడుల్లో 2 లేదా 3 ఉంది, తొమ్మిదో దానితో కలిపి ఆరు. మొదటి రెండూ నిండాయి. పని ఆగిపోయింది. అందుకే అతనికి వినడం, సలహాలతో ఆపకుండా మందు కూడా మొదలుపెట్టాను. పురుగుల మందు డబ్బా ఎక్కడ ఉందో అదే రోజు అడిగాను. పశువుల కొట్టంలో ఉందన్నాడు. భార్య ఎదుట, అతని అంగీకారంతో, అన్నగారి ఇంటికి తరలించాం.

అదే 14 వచ్చి, మనసు గడులు తక్కువగా ఉండి, పని సాగుతూ, చావు ఆలోచన లేకుండా ఉంటే వారానికోసారి కౌన్సెలింగ్ చేసి నాలుగు వారాలు చూడవచ్చు. కౌన్సెలింగ్ చేసేవారు మీ దగ్గర లేకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు మీ గదిలో నుంచే ఫోను చేయించండి. తెలుగులో మాట్లాడతారు.

15 నుంచి 19 వస్తే పెద్దాసుపత్రికి పంపాలా, మేమే మొదలుపెట్టవచ్చా?

మీరే మొదలుపెట్టవచ్చు, మొదలుపెట్టాలి కూడా. ఈ శ్రేణిలో మందు గానీ, మాటల చికిత్స గానీ, వీలైతే రెండూ గానీ తప్పనిసరి. పట్నం వెళ్లి చూపించుకోమంటే చాలామంది బస్సు ఎక్కరు. పెద్దవారిలో ఫ్లూయాక్సిటిన్ ఉదయం తిన్న తరువాత 20 మి.గ్రా., ముసలివారిలో 10తో మొదలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పాతికేళ్ల లోపువారు, రక్తం పల్చబడే మందులు గానీ ట్రమడాల్ గానీ వాడుతున్నవారి విషయంలో ముందు మానసిక వైద్యులతో ఫోనులో మాట్లాడండి. ఒక వారంలో ఫోను చేయండి, రెండు వారాల్లో మనిషిని చూడండి.

ఆమిట్రిప్టిలిన్ మన మందుల గదిలో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి చెయ్యి దాని మీదికే పోతుంది. అది ఒక్కసారి ఎక్కువ మోతాదులో మింగితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. చావు ఆలోచన ఉన్నవారికి దాన్ని నెల మోతాదు చేతికి ఇవ్వకండి.

20 లేదా అంతకంటే ఎక్కువ వస్తే?

మందు ఆ రోజే మొదలుపెట్టి, మానసిక వైద్యుని దగ్గరికి వీలైనంత త్వరగా పంపాలి. మాకు దగ్గరగా ఉన్నది వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి. తినడం, తాగడం మానేసినవారు, చెవిలో మాటలు వినిపిస్తున్నాయనేవారు, తాను పాపం చేశానని గట్టిగా నమ్మేవారు, బిడ్డకు హాని చేస్తానేమోనని భయపడే బాలింతలు ఆ రోజే తోడుతో వెళ్లాలి. చీటీలో మొత్తం స్కోరు ఒక్కటే రాస్తే అక్కడివారికి ఉపయోగం లేదు. తొమ్మిది గడుల అంకెలూ, ఇచ్చిన మందూ, తోడు వచ్చినవారి ఫోను నంబరూ రాయండి. రెండో రోజు ఆశా కార్యకర్తతో ఇంటికి వెళ్లి చూడమని చెప్పండి. చీటీ తీసుకుని ఇంటికే పోయినవారు ఎంతమందో అప్పుడు తెలుస్తుంది.

## తొమ్మిదో ప్రశ్న

చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?

కాదు. అడగడం వల్ల ఆ ఆలోచన రాదు. ఉన్నవారికి మాత్రం దాన్ని ఒకరితో పంచుకునే సందు దొరుకుతుంది. అడగడానికి నోరు రాక చాలామంది నర్సులు దాన్ని 0గా నింపుతున్నారు. మీకు ఇబ్బందిగా ఉంటే ఇలా మొదలుపెట్టండి: "ఇంత బాధలో ఉన్నప్పుడు కొందరికి బతికి ఏం లాభం అనిపిస్తుంది. మీకు ఎప్పుడైనా అలా అనిపించిందా?"

మొత్తం 6 మాత్రమే, కానీ తొమ్మిదో దానికి 1 వచ్చింది. స్వల్పమని వదిలేయవచ్చా?

వదలకూడదు. తొమ్మిదో గడిలో 0 కానిది ఏదున్నా, మొత్తంతో సంబంధం లేకుండా, ఆ మనిషి ఇంటికి వెళ్లేలోగా వైద్యాధికారి మాట్లాడాలి. ఆ ప్రశ్నలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి, చచ్చిపోతే బాగుండుననిపించడం, తనకు తాను హాని చేసుకోవాలనిపించడం. ఏదో విడదీయాలి. నిద్రలోనే పోతే బాగుండు అనిపిస్తోందా, ప్రాణం తీసుకోవాలని అనిపిస్తోందా? ఎలా అని ఆలోచించారా? అందుకు కావలసింది ఇంట్లో ఉందా? ఎప్పుడని అనుకున్నారా? ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించారా? ఈ వరుసలో అడగండి.

కోరిక వరకే ఉంటే ఇంట్లో నమ్మకమున్న ఒకరికి, రోగి అంగీకారంతో, చెప్పండి. పురుగుల మందు ఇంట్లోంచి తీయించండి. 14416 నంబరు రాసి ఇవ్వండి. మూడు రోజుల్లో మళ్లీ చూడండి. పద్ధతి ఆలోచించుకుని ఉన్నా, చేస్తానని ఉద్దేశం ఉన్నా, ఇటీవల ప్రయత్నించి ఉన్నా ఒంటరిగా ఒక్క నిమిషం వదలకండి. మరుగుదొడ్డికి వెళ్లినా తోడు ఉండాలి. 108 పిలిచి బంధువుతో సహా పంపండి. ప్రాణాపాయం ఉన్నప్పుడు రోగి వద్దన్నా ఇంటివారికి ఆ ప్రమాదం మేరకు చెప్పవచ్చు.

ప్రాణం తీసుకోబోయానని చెబితే పోలీసులకు చెప్పాలేమోనని సిబ్బంది భయపడుతున్నారు. నిజమేనా?

ఆలోచన రావడం ఏనాడూ నేరం కాదు. ప్రయత్నం విషయంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ స్పష్టంగా ఉంది. అలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం కూడా అదే చట్టం ఇచ్చిన హక్కు. కాబట్టి ఓపీ బల్ల మీద తెరిచి ఉండే రిజిస్టరులో స్కోరు రాయకండి. వేరే పుస్తకం పెట్టి తాళం వేయండి. ఊళ్లో మాట పాకితే ఆ మనిషి మళ్లీ మన గడప తొక్కడు.

## మందు మొదలయ్యాక

మాత్ర రాసే ముందు తప్పక అడగాల్సింది ఏమిటి?

గతంలో ఎప్పుడైనా వారం పాటు నిద్ర లేకపోయినా అలసట లేకుండా, అతిగా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడుతూ తిరిగారా అని. రోగికి అది జబ్బుగా గుర్తుండదు, ఇంటివారిని అడగాలి. అలా జరిగి ఉంటే అది బైపోలార్ జబ్బు కావచ్చు. డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మనిషి ఉన్మాద దశలోకి వెళ్లే ప్రమాదం ఉంది. పీహెచ్‌క్యూ-9 ఈ తేడాను చూపదు. అలాంటివారిని మందు మొదలుపెట్టకుండా మానసిక వైద్యుని దగ్గరికి పంపండి.

మళ్లీ ఫారం ఎప్పుడు నింపాలి? ఎంత తగ్గితే మందు పనిచేసినట్టు?

మందు ప్రభావం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ సమయానికి స్కోరు వేసి మొదటిదానితో పోల్చండి. 5 లేదా అంతకంటే ఎక్కువ తగ్గితే దారిలో ఉన్నట్టు. 2 నుంచి 4 తగ్గితే చాలలేదు. ఒకటి తగ్గినా, అసలు తగ్గకపోయినా చికిత్స మార్చాలి. అసలు లక్ష్యం 5 కంటే తక్కువకు రావడం.

చాలలేదనుకున్నప్పుడు మోతాదు పెంచే ముందు మాత్రల అట్ట తెప్పించి చూడండి. పైన చెప్పిన, 14తో మొదలైన పత్తి కౌలు రైతుకు అయిదో వారంలో 11 వచ్చింది. అట్టలు తెమ్మంటే ముప్పైలో పంతొమ్మిది మాత్రలు అలాగే ఉన్నాయి. రంది ఎక్కువైన రోజున మాత్రమే వేసుకుంటున్నాడు, తలనొప్పి మాత్ర లాగా. రోజూ వేసుకోవాలని, మొదటి పది రోజులు వికారంగా ఉన్నా తగ్గుతుందని భార్యను కూడా కూర్చోబెట్టి చెప్పాను. మోతాదు పెంచలేదు. ఇంకో అయిదు వారాలకు 6, ఆ తరువాతి నెల 3.

స్కోరు 5 కంటే తగ్గింది. ఇక మాత్రలు ఆపవచ్చా?

వెంటనే ఆపకూడదు. పూర్తిగా కోలుకున్నాక కూడా తొమ్మిది నుంచి పన్నెండు నెలలు అదే మోతాదు కొనసాగించాలి, తరువాత కనీసం నాలుగు వారాల మీద నెమ్మదిగా తగ్గించాలి. బాగున్నానని మధ్యలో మానేసినవారికి జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. నేను నెలకోసారి అట్టలు ఇచ్చేటప్పుడు మొదటి రెండు ప్రశ్నలూ, తొమ్మిదోదీ అడుగుతాను. మూడు నెలలకోసారి పూర్తి ఫారం నింపుతాను.

ఆపే సమయాన్ని పంటను చూసి ఎంచుకుంటాను. విత్తనాలు వేసే జూన్‌లోనూ, పత్తి అమ్మి అప్పులవారికి లెక్క చెప్పాల్సిన నెలల్లోనూ తగ్గించడం మొదలుపెట్టను. 14 నుంచి 3కు వచ్చిన ఆ రైతు ఇంకా మాత్రలు వాడుతున్నాడు. పురుగుల మందు డబ్బా ఇప్పటికీ అన్నగారి ఇంట్లోనే ఉంది. పిచికారీ రోజున అన్నే దాన్ని చేనుకు తెచ్చి, పని అయ్యాక తిరిగి తీసుకెళ్తాడు.